పార్ట్‌టైమ్ సార్లకి గంటలు పంచడం: నాలుగు బ్యాచ్‌లు, రెండు గదులు, ఐదుగురూ అలకే

నంద్యాల_సెంటర్

అందరికీ నమస్కారం. నంద్యాలలో చిన్న బ్యాంక్ కోచింగ్ సెంటర్ నడుపుతున్నాను. ఫుల్‌టైమ్ ఫ్యాకల్టీని పెట్టుకునే స్తోమత లేదు. ఐదుగురు పార్ట్‌టైమ్ వాళ్లు చెబుతారు, జీకే నేనే చెప్పుకుంటాను. అందరికీ ఒకటే రేటు, క్లాసు గంటకి 400.

రెండు గదులున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఉదయం రెండు బ్యాచ్‌లు (ఎ, బి), సాయంత్రం రెండు (సి, డి). ప్రతి బ్యాచ్‌కీ రోజూ రెండు పీరియడ్లు, ఒక్కోటి గంటన్నర. ఉదయం 6:30 నుంచి 8:00, మళ్లీ 8:15 నుంచి 9:45. సాయంత్రం 5:00 నుంచి 6:30, మళ్లీ 6:45 నుంచి 8:15. సోమవారం నుంచి శనివారం దాకా. ఆదివారం మాక్ టెస్ట్ మాత్రమే.

ఒక్కో బ్యాచ్‌కి వారానికి 12 క్లాసులు. అర్థమెటిక్ 4, రీజనింగ్ 3, ఇంగ్లిష్ 3, జీకే 2.

సార్ల పేర్లు బయట పెట్టలేను కాబట్టి అక్షరాలతో చెబుతాను.

క సార్: అర్థమెటిక్ మాత్రమే. ఉదయం, సాయంత్రం ఎప్పుడైనా సరే అంటారు. ఆళ్లగడ్డ నుంచి వస్తారు.
గ సార్: అర్థమెటిక్, రీజనింగ్ రెండూ చెప్పగలరు. పగలు వేరే ఉద్యోగం, సాయంత్రాలే కుదురుతుంది.
చ మేడమ్: రీజనింగ్. ఉదయాలే.
ప మేడమ్: ఇంగ్లిష్. ఉదయాలే.
ట సార్: ఇంగ్లిష్. సాయంత్రాలే.

ఇప్పుడు క సార్‌కి వారానికి 14 క్లాసులు పడుతున్నాయి, అంటే 21 గంటలు. గ సార్‌కి 8 క్లాసులు, 12 గంటలు. మిగతా ముగ్గురికీ ఆరేసి క్లాసులు, తొమ్మిదేసి గంటలు. గ సార్ "నేను సాయంత్రాలన్నీ ఖాళీగా పెట్టుకున్నా, సగం గంటలు ఆయనకే ఇస్తున్నారు" అంటున్నారు. చ మేడమ్ మొహం మాడ్చుకుని ఉంటున్నారు, కారణం అడిగితే చెప్పరు. విచిత్రం ఏంటంటే 21 గంటలు తీసుకుంటున్న క సార్ కూడా సంతోషంగా లేరు. వీళ్లకి సమానంగా గంటలు ఎలా పంచాలి? ఏదైనా లెక్క ఉందా?

ఎక్సెల్_వీరుడు

అన్నా, సింపుల్. జీకే తీసేస్తే మొత్తం 40 క్లాసులు, 60 గంటలు. ఐదుగురు కాబట్టి మనిషికి 12 గంటలు. అంతకంటే ఎక్కువున్నవాళ్ల దగ్గర తీసి తక్కువున్నవాళ్లకి ఇవ్వాలి. షీట్‌లో క్లాసుకో వరుస పెట్టుకుని SUMIFSతో ఎవరికెన్ని గంటలో పక్కన చూసుకుంటూ మార్చుకుంటే గంటలో అయిపోతుంది.

పాత_టైంటేబుల్

వీరుడు గారూ, క సార్ దగ్గర తీసి చ మేడమ్‌కి ఇవ్వడానికి ఆవిడ అర్థమెటిక్ చెప్పరు కదా. ఉదయం రీజనింగ్ క్లాసులు మొత్తం ఆరే. ఆ ఆరూ ఆవిడకే ఉన్నాయి. ఏడో క్లాసు లేదు, ఎక్కడి నుంచి తెస్తారు?

నంద్యాల_సెంటర్ గారూ, నేను చాలా ఏళ్లు ఒక జూనియర్ కాలేజీలో టైంటేబుల్ వేశాను. కాగితం మీద గళ్లు గీయకముందే చేయాల్సిన లెక్క ఒకటుంది. మీ ఐదుగురిలో ఎవరెవరి గంటలు అసలు కదులుతాయో చూడండి. చ మేడమ్ ఆరు కదలవు, ఉదయం రీజనింగ్ చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు. ప మేడమ్, ట సార్ కూడా అంతే. ఉదయం అర్థమెటిక్ ఎనిమిది క్లాసులు క సార్‌వే, వేరే దారి లేదు. సాయంత్రం రీజనింగ్ ఆరు గ సార్‌వే.

ఇక మిగిలింది సాయంత్రం అర్థమెటిక్ ఎనిమిది క్లాసులు. మీ గొడవంతా ఆ ఎనిమిది మీదే. మిగతా 32 క్లాసుల్లో "న్యాయం" అనే మాటకి చోటే లేదు.

ఇంకో హద్దు కూడా ఉంది. సాయంత్రాలు వారానికి 12 పీరియడ్లు. గ సార్ ఒకేసారి రెండు గదుల్లో ఉండలేరు కాబట్టి ఆయనకి 12 మించి పడవు. సాయంత్రం అర్థమెటిక్, రీజనింగ్ కలిపితే 14. అంటే క సార్ కనీసం రెండు సాయంత్రం క్లాసులు చెప్పి తీరాలి. క సార్‌కి 10 నుంచి 16 మధ్య, గ సార్‌కి 6 నుంచి 12 మధ్య ఎక్కడో ఒకచోట ఆగాలి. మీరిప్పుడు 14, 8 దగ్గర ఉన్నారు.

ఒక ప్రశ్న. ఆ ఎనిమిదీ ఇప్పుడు ఏ బ్యాచ్‌లో ఎవరు చెబుతున్నారు?

నంద్యాల_సెంటర్

సి బ్యాచ్‌కి నాలుగూ క సార్. డి బ్యాచ్‌కి ఇద్దరూ రెండేసి. గ సార్ గొడవ చేశాక అలా సర్దాను.

పాత_టైంటేబుల్

డి బ్యాచ్ పిల్లలు ఏమంటున్నారు?

నంద్యాల_సెంటర్

ఒకాయన లాభనష్టాలు మధ్యలో ఉండగా ఇంకొకాయన వచ్చి కాలం-పని మొదలుపెడతారట. షార్ట్‌కట్‌లు కూడా ఇద్దరివీ వేరు. మొన్న నలుగురు ఆఫీస్ రూమ్‌కొచ్చి చెప్పారు.

గంటల_మేడమ్

నేను విజయవాడలో రెండు సెంటర్లలో గంటల లెక్కన చెబుతున్నాను, కాబట్టి అవతలి వైపు నుంచి మాట్లాడతా. మీరంతా గంటలు లెక్కపెడుతున్నారు. చ మేడమ్ వారానికి ఎన్ని సార్లు మీ సెంటర్‌కొస్తారు, అది చెప్పండి.

నంద్యాల_సెంటర్

ఆరు రోజులూ వస్తారు. రోజుకో క్లాసు. అలా ఉంటే ఆవిడకి తేలిగ్గా ఉంటుందని నేనే పెట్టాను.

గంటల_మేడమ్

అదీ సంగతి! గంటన్నర క్లాసు కోసం ఆవిడ ఐదింటికి లేవాలి, వంట చేయాలి, తయారవ్వాలి, రావాలి, పోవాలి. చేతికొచ్చేది 600. అదే రోజు రెండు క్లాసులుంటే అదే శ్రమకి 1200. మిగతా మూడు రోజులు ఆవిడవి. గంటల జీతంలో క్లాసు గంటకే డబ్బు, ప్రయాణానికీ ఖాళీకీ లేదు. ఇద్దరికి తొమ్మిదేసి గంటలిచ్చి, ఒకరిని మూడు సార్లు, ఇంకొకరిని ఆరు సార్లు పిలిస్తే అది సమానమా?

మీ క సార్ అలక కూడా ఇదే అయ్యుంటుంది. ఉదయం 9:45కి అయిపోతే సాయంత్రం 5 దాకా ఆయన ఎక్కడ కూర్చుంటారు? ఆళ్లగడ్డ వెళ్లి మళ్లీ రావాలి, లేదా మీ ఆఫీస్ రూమ్‌లో కునుకు తీయాలి.

నంద్యాల_సెంటర్

ఆఫీస్ రూమ్‌లోనే ఉంటారు మేడమ్. రోజూ. డౌట్లున్న పిల్లలు అక్కడికే వెళ్తారు.

గంటల_మేడమ్

అది కూడా డబ్బు లేని పనే.

సాయంత్రం_మాస్టారు

నాదీ ఇలాంటి సమస్యే. నేను గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. సాయంత్రం ఒక సెంటర్‌లో చెబుతా. మా హెడ్‌మాస్టర్ గారు స్పెషల్ క్లాసులని ఐదున్నర దాకా ఉంచేస్తున్నారు, సెంటర్ వాళ్లు లేటు అని గంటలో పావు కోస్తున్నారు. నాకు ఏదైనా సలహా ఇవ్వగలరా?

పాత_టైంటేబుల్

మాస్టారూ, ముందు ఈ విషయం ఇలా బహిరంగంగా రాయకండి. విద్యా హక్కు చట్టం, 2009లో 28వ సెక్షన్ టీచర్లు ప్రైవేట్ ట్యూషన్ చెప్పకూడదనే అంటుంది. లేటు కోత సంగతి తర్వాత.

ఎక్సెల్_వీరుడు

సమానం కుదరకపోతే నిష్పత్తిలో ఇవ్వొచ్చు కదా. ఎవరు ఎన్ని పీరియడ్లు ఖాళీ అని చెప్పారో దాన్ని బట్టి. క సార్ 24 పీరియడ్లూ ఖాళీ అన్నారు. మిగతా నలుగురు పన్నెండేసి. మొత్తం 72. క్లాసులు 40. కాబట్టి ఎవరు చెప్పినదాంట్లో వాళ్లకి 56 శాతం దాకా రావాలి. ఇది ఎవరూ కాదనలేని లెక్క.

పాత_టైంటేబుల్

లెక్క సరిగ్గానే ఉంది. దాని ప్రకారం క సార్‌కి 13 క్లాసులు రావాలి, గ సార్‌కి దాదాపు 7. అంటే ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్న గ సార్‌కి ఉన్నదాంట్లోనే ఒకటి తీసేయాలి! ఆయనకి ఈ షీట్ చూపించండి, ఏమంటారో విందాం.

ఈ పద్ధతిలో ఇంకో చిక్కుంది. ఎన్ని పీరియడ్లు ఖాళీ అంటే అన్ని క్లాసులు వస్తాయని తెలిస్తే, రెండో వారం నుంచి అందరూ "అన్నీ ఖాళీ" అని రాసిస్తారు. క్లాసు వేశాక ఫోన్ చేసి ఆ రోజు కుదరదంటారు. ఖాళీ అని చెప్పడం వేరు, నిజంగా రాగలగడం వేరు. నేను ఒకరి దగ్గర మూడే అడిగేవాణ్ని. ఖచ్చితంగా రాలేని పీరియడ్లు, వారానికి ఎన్ని గంటలు రాకపోతే మీకు గిట్టుబాటు కాదు, ఎన్ని గంటలు దాటితే మీ వల్ల కాదు. గంటలు ఆ రెండు అంకెల మధ్య ఉన్నంతవరకు గొడవ రాదు. గ సార్‌ని ఆ కనీసం ఎంతో అడిగారా?

నంద్యాల_సెంటర్

ఇప్పుడే ఫోన్ చేశాను. కనీసం 15 గంటలైనా కావాలట. 18 అయితే మరీ మంచిదట.

పాత_టైంటేబుల్

అయితే దారి దొరికినట్టే. ఒక బ్యాచ్‌లో ఒక సబ్జెక్టుకి ఒక్కరే ఉండాలని పెట్టుకోండి. అప్పుడు సాయంత్రం అర్థమెటిక్ నాలుగు, నాలుగుగా తప్ప విడదీయలేం. సి బ్యాచ్ పూర్తిగా క సార్‌కి, డి బ్యాచ్ పూర్తిగా గ సార్‌కి. క సార్ 12 క్లాసులు, 18 గంటలు. గ సార్ 10 క్లాసులు, 15 గంటలు. డి బ్యాచ్ పిల్లల బాధ కూడా దీంతోనే పోతుంది. గ సార్‌కి 18 గంటలు ఇవ్వడం కూడా కుదురుతుంది కానీ, అప్పుడు క సార్ సి బ్యాచ్‌కి వారానికి రెండు క్లాసులే చెప్పి పోవాలి, మిగతా రెండూ గ సార్ చెప్పాలి. ఇప్పుడు డి బ్యాచ్‌కి ఉన్న తలనొప్పి సి బ్యాచ్‌కి వస్తుంది. పైగా గ సార్‌కి ఒక్క పీరియడ్ కూడా ఖాళీ ఉండదు, ఒకరోజు జ్వరమొస్తే ఆ వారం మళ్లీ సర్దలేరు.

ఇక గంటల_మేడమ్ గారు చెప్పిన రాకపోకల సంగతి. ఉదయం చాలా తేలిక. రోజుకి ఇద్దరే వస్తారు, మొదటి పీరియడ్ అయ్యాక గదులు మార్చుకుంటారు.

సోమ: చ మేడమ్ రీజనింగ్, క సార్ అర్థమెటిక్
మంగళ: ప మేడమ్ ఇంగ్లిష్, క సార్ అర్థమెటిక్
బుధ: చ మేడమ్ రీజనింగ్, మీరు జీకే
గురు: ప మేడమ్ ఇంగ్లిష్, క సార్ అర్థమెటిక్
శుక్ర: చ మేడమ్ రీజనింగ్, క సార్ అర్థమెటిక్
శని: ప మేడమ్ ఇంగ్లిష్, మీరు జీకే

ప్రతి ఒక్కరూ వచ్చిన రోజు ఎ బ్యాచ్‌కి ఒకటి, బి బ్యాచ్‌కి ఒకటి చెబుతారు. రెండు బ్యాచ్‌లకీ అర్థమెటిక్ 4, రీజనింగ్ 3, ఇంగ్లిష్ 3, జీకే 2 వచ్చాయా లేదా లెక్కపెట్టుకోండి. మేడమ్‌లిద్దరూ ఆరు సార్లు వచ్చే చోట మూడు సార్లే వస్తారు. గంటలు మాత్రం అవే తొమ్మిది.

దీనివల్ల ఇంకో సుఖం ఉంది. సోమవారం క సార్ రాలేకపోతే ఆ రోజు మీరు జీకే చెప్పేయండి, బుధవారం ఆయన్ని రమ్మనండి. చ మేడమ్ రెండు రోజులూ ఎలాగూ ఉంటారు కాబట్టి ఆవిడ్ని కదపక్కర్లేదు.

నంద్యాల_సెంటర్

సార్, ఇది చూసి నోట మాట రాలేదు. ఇంత సింపుల్‌గా ఉందా? సాయంత్రం కూడా ఇలాగే వస్తుందా?

పాత_టైంటేబుల్

సాయంత్రం ఇంత శుభ్రంగా రాదు. గ సార్ రెండు సబ్జెక్టులు చెబుతారు, సి బ్యాచ్‌కి క సార్ ఒక్కరే ఒకటి చెప్పి పోతారు. కూర్చుని వేశాను, చూడండి. ముందు సి బ్యాచ్ రెండు పీరియడ్లు, తర్వాత డి బ్యాచ్ రెండు పీరియడ్లు.

```
సోమ:   సి: క, గ(రీ)    డి: గ(అ), ట
మంగళ: సి: క, జీకే      డి: గ(అ), గ(రీ)
బుధ:   సి: గ(రీ), ట    డి: ట, గ(రీ)
గురు:  సి: క, ట         డి: గ(అ), గ(రీ)
శుక్ర:  సి: క, గ(రీ)    డి: గ(అ), జీకే
శని:   సి: ట, జీకే      డి: జీకే, ట
```

గ సార్ ఐదు సాయంత్రాలు, ప్రతిసారీ రెండు క్లాసులు, శనివారం సెలవు. క సార్ సోమ, మంగళ, గురు, శుక్ర. ఉదయం వచ్చే రోజులూ అవే. సాయంత్రం ఎప్పుడూ మొదటి పీరియడే, 6:30కి బయటపడతారు. వారానికి ఆరు రోజులు వచ్చే మనిషి నాలుగు రోజులే వస్తారు.

ట సార్ మాత్రం నాలుగు సార్లు రావాలి, అందులో సోమ, గురువారాలు ఒక్క క్లాసు కోసమే. ఆయన్ని మూడు సార్లకి తేవాలని చూశాను. సి బ్యాచ్‌కి రోజుకో అర్థమెటిక్ మించి వేయకుండా, గ సార్‌ని, క సార్‌ని శనివారం పిలవకుండా నాకు రాలేదు.

గంటల_మేడమ్

ట సార్ ఒక్క క్లాసు రోజుల్లో గంటన్నరకి బదులు రెండు గంటల డబ్బివ్వండి. వారానికి రెండు రోజులే కదా, అదనంగా 400 ఖర్చు. నేను చెప్పే ఒక సెంటర్‌లో పిలిస్తే కనీసం మూడు గంటల డబ్బు ఇవ్వాలని అడిగి ఒప్పించుకున్నాం. చిత్రంగా ఆ తర్వాత నుంచి వాళ్ల టైంటేబుల్ దానంతటదే బాగుపడింది. ఖాళీకి డబ్బు కట్టాల్సి వస్తే ఖాళీలు ఎవరూ వేయరు.

ఎక్సెల్_వీరుడు

పాత_టైంటేబుల్ గారూ, దండం. నిష్పత్తి సంగతి వదిలేస్తున్నా. కానీ వేసిన తర్వాత క్లాసులు మారుతూనే ఉంటాయి కదా, అప్పుడు ఒకే సార్‌ని రెండు గదుల్లో వేసేస్తారు. దానికి ఈ ఫార్ములా పెట్టుకోండి. A రోజు, B మొదలు, C ముగింపు, D గది, E బ్యాచ్, F సార్ పేరు.

```
=COUNTIFS($A$2:$A$200,A2,$B$2:$B$200,B2,$F$2:$F$200,F2)>1
```

TRUE వస్తే తగువు ఉన్నట్టు. F బదులు D పెడితే గది తగువు తెలుస్తుంది.

పాత_టైంటేబుల్

పీరియడ్లన్నీ ఒకే సమయానికి మొదలైతే ఇది చాలు. రేపు ఎవరైనా 7:00 నుంచి 8:00 అని డౌట్స్ క్లాసు పెడితే, 6:30 క్లాసుతో తగువు దీనికి కనపడదు. మొదలు సమయం వేరు కాబట్టి ఊరుకుంటుంది. రెండు క్లాసులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అని చూడాలి.

```
=COUNTIFS($A$2:$A$200,A2,$F$2:$F$200,F2,$B$2:$B$200,"<"&C2,$C$2:$C$200,">"&B2)>1
```

సమయాన్ని ఎక్సెల్ గడియారంలా కాకుండా 630, 800, 815, 1700 అని మామూలు అంకెల్లా రాయండి. గడియారంలా రాస్తే లోపల అది దశాంశంగా ఉంటుంది, సరిగ్గా ఎనిమిదింటికి ముగిసే క్లాసుకీ ఎనిమిదింటికే మొదలయ్యే క్లాసుకీ ఒక్కోసారి లేని తగువు చూపిస్తుంది. పేర్లు కూడా చేత్తో టైప్ చేయకండి, డ్రాప్‌డౌన్ పెట్టుకోండి. పేరు చివర ఒక స్పేస్ పడితే ఎక్సెల్‌కి అది ఇంకో మనిషి. తగువూ కనపడదు, నెలాఖరున ఆ గంటల డబ్బూ రాదు.

అవనిగడ్డ_డీఎస్సీ

మా దగ్గర డీఎస్సీ కోచింగ్. బ్యాచ్‌లు రెండే, గదులు నాలుగు, మీ కథకి తలకిందులు. నోటిఫికేషన్ వస్తే వందల మంది, లేకపోతే ఈగలు తోలుకోవడమే. అందుకే వారం లెక్క మాకు పనికిరాదు. ఒక వారం అయిదు క్లాసులు, ఇంకో వారం పదిహేను. ఇక్కడ అందరూ వారం వారం సమానం అంటుంటే అడగాలనిపించింది, పండగ వారం సంగతేంటి?

పాత_టైంటేబుల్

మంచి ప్రశ్న. వారంలో సమానం చూడకూడదు, నాలుగు వారాలకి చూడాలి. నంద్యాల వారి విషయమే తీసుకుందాం. గ సార్‌కి వారానికి 15 గంటలని మాటిచ్చారు. దసరా వారంలో రెండు సాయంత్రాలు సెలవైతే ఆయనకి 9 గంటలే పడతాయి. ఆయన పేరు పక్కన 6 బాకీ అని రాసుకోవాలి. క సార్ రాని రోజు సి బ్యాచ్ అర్థమెటిక్ ఎవరైనా చెప్పాల్సొచ్చినా, ఆదివారం టెస్ట్ తర్వాత వివరణ క్లాసు పెట్టినా, ఆ క్లాసు చెప్పగలిగిన వాళ్లలో ఎవరి బాకీ ఎక్కువుంటే వాళ్లకే ముందు ఫోన్ చేయాలి. నాలుగు వారాలయ్యాక బాకీ ఇంకా గంటన్నర మించి ఉంటే మీ పంపకంలో ఏదో తేడా ఉన్నట్టు.

సెలవు సారే పెట్టుకుంటే అది బాకీ కాదు. ఇది ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత తగాదా. ఈ పట్టీ ఆఫీస్ గోడకి అంటించండి. అంటించని పట్టీని ఎవరూ నమ్మరు.

గంటల_మేడమ్

అంటించడంతో పాటు ఎప్పుడు అంటిస్తారన్నది కూడా చెప్పాలి. వచ్చే వారం మార్పులుంటే గురువారం సాయంత్రానికి తెలియాలి. నాలాంటి వాళ్లకి రెండో సెంటర్ ఉంటుంది. మీరు ఆదివారం రాత్రి వాట్సాప్‌లో "రేపు మీ క్లాసు 8:15కి" అంటే అక్కడ నా క్లాసు పోతుంది. మీరు ఇచ్చేది 600, పోయేది 600, మధ్యలో మాట కూడా పడాలి.

కొత్త_ఫ్రాంచైజీ

గదుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. పెద్ద బ్యాచ్ పెద్ద గదిలో, చిన్న బ్యాచ్ చిన్న గదిలో ఉంటే చాలా? నేను కూడా రెండు గదులతో మొదలుపెడదామనుకుంటున్నా.

నంద్యాల_సెంటర్

మా పెద్ద గది 24 అడుగులు, 30 అడుగులు. చిన్నది 20, 22. ఇంతకుముందు ప్రొజెక్టర్ పెద్ద గదిలో ఉందని బ్యాచ్‌లు మారేవి. పావుగంట విరామం అంతా బ్యాగులు సర్దుకోవడానికే సరిపోయేది.

పాత_టైంటేబుల్

బ్యాచ్‌ని కదపకండి, సార్ కదలాలి. కేంద్ర విద్యాశాఖ 2024లో ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల్లో మనిషికి కనీసం ఒక చదరపు మీటర్ ఉండాలని ఉంది. ఆ లెక్కన మీ పెద్ద గదిలో 66 మంది, చిన్నదాంట్లో 40 మంది. అందులో వారానికోరోజు సెలవు పిల్లలకే కాదు, చెప్పేవాళ్లకీ ఇవ్వాలని కూడా ఉంది. మీ ఐదుగురికీ పైన వేసిన పట్టీలో అది వచ్చేసింది.

కొత్త_ఫ్రాంచైజీ గారూ, నంద్యాల వారి గదులు వారంలో 48 పీరియడ్లకి 48 నిండి ఉన్నాయి. మీరు అలా మొదలుపెట్టకండి. రద్దయిన క్లాసు మళ్లీ పెట్టుకోవడానికి వారానికి రెండు మూడు పీరియడ్లైనా ఖాళీ గది లేకపోతే, అదనపు క్లాసులన్నీ ఆదివారం మీద పడతాయి. ఆదివారం రాగలిగే సార్‌కే గంటలన్నీ పోతాయి.

నంద్యాల_సెంటర్

అప్‌డేట్. కొత్త టైంటేబుల్ అందరికీ చూపించాను. చ మేడమ్, ప మేడమ్ అక్కడికక్కడే ఒప్పుకున్నారు. గ సార్‌కి 15 వచ్చింది కాబట్టి ఊరుకున్నారు, 18 గురించి మళ్లీ అడుగుతారని తెలుసు. ట సార్‌కి ఒంటి క్లాసు రోజుల్లో రెండు గంటల డబ్బిస్తానన్నాను, సరే అన్నారు.

క సార్ దగ్గరే ఆగింది. రెండు రోజులు మిగులుతున్నాయని ముందు సంతోషించారు. తర్వాత లెక్క వేసుకుని, వారానికి 8400 వచ్చేది 7200కి తగ్గుతోంది, నేను ఇక్కడ మొదటి నుంచి ఉన్నవాణ్ని, నాకు గంటకి 470 ఇవ్వండి అన్నారు. అడ్మిషన్లకి వచ్చేవాళ్లలో చాలామంది "క సారే కదా చెప్పేది" అని అడుగుతారు, అది నిజం. అలాగని ఆయనకి పెంచితే మిగతా నలుగురూ ఊరుకోరు.

ఎక్సెల్_వీరుడు

470 అంటే 18 గంటలకి 8460. ఆయన పాత డబ్బు మీద ఇంకో 60 కలిపి అడుగుతున్నారు అన్నా, పెద్ద గడుసువాడే 😄

గంటల_మేడమ్

గడుసుతనం ఏముంది? ఆయన ఖాళీగా కూర్చున్న ఏడు గంటల్లో పిల్లల డౌట్లు తీర్చారని మీరే రాశారు కదా. ఆ నాలుగు రోజుల్లో మధ్యాహ్నం ఒక గంట డౌట్స్ క్లాసు అని పేరు పెట్టి డబ్బివ్వండి. వారానికి 1600. రేటు పెంచినట్టూ కాదు, చేసిన పనికి ఇచ్చినట్టూ ఉంటుంది.

పాత_టైంటేబుల్

నేను దీంతో ఏకీభవించను. అలా ఇస్తే ఆయన గంటలు 22 అవుతాయి, పాత 21 కంటే ఎక్కువ. గ సార్ ఒక్క నెలలో మళ్లీ మొదటికొస్తారు. డౌట్స్ క్లాసు పెట్టాలంటే రీజనింగ్‌కీ పెట్టాలి, అది అందరికీ వంతుల వారీగా ఉండాలి. క సార్ పేరు మీద అడ్మిషన్లు వస్తున్నాయంటే అది గంటల్లో కాదు, రేటులోనే బహిరంగంగా తేలాలి. ఎన్నేళ్లు చేస్తే ఎంత అని ఒక పట్టీ రాసి, అది అందరికీ వర్తింపజేయండి.

గంటల_మేడమ్

రీజనింగ్ డౌట్స్ మధ్యాహ్నం పెడితే చెప్పడానికి ఎవరున్నారు సార్? చ మేడమ్ ఉదయాలే, గ సార్ సాయంత్రాలే అని మొదటి పోస్ట్‌లోనే ఉంది.

నంద్యాల_సెంటర్

మీరిద్దరూ చెప్పినవి రెండూ కాగితం మీద రాసుకున్నాను. ఈ నెలకి క సార్‌తో పాత రేటుకే మాట్లాడి కొత్త టైంటేబుల్ సోమవారం నుంచి మొదలుపెడుతున్నా. ఏళ్లను బట్టి రేటు అంటే, క సార్ తర్వాత ఎక్కువ కాలంగా ఉన్నది చ మేడమ్. ఆవిడ రేటు కూడా పెరుగుతుంది. ఫీజులు వచ్చే నెల దాకా పెంచలేను. ఎవరైనా రేట్ల పట్టీ పెట్టి నడుపుతుంటే ఎన్నేళ్లకి ఎంత పెంచారో చెప్పగలరా?

అవనిగడ్డ_డీఎస్సీ

మా దగ్గర ఏళ్లు కాదు, గంటలు. మొత్తం 500 గంటలు దాటితే గంటకి 25 పెరుగుతుంది. మధ్యలో మానేసి మళ్లీ వచ్చినా పాత గంటలు అలాగే ఉంటాయి. రిజిస్టర్లు మాత్రం పారేయకుండా దాచాలి, మాది ఒకటి వానకి తడిసి ఇద్దరు సార్లతో ఇంకా తేలలేదు.